మ్యూచువల్ ఫండ్ ఎన్ఏవీ: లెక్క కట్టే తీరు, తక్కువ అంకె చౌక కాకపోవడానికి కారణం

మ్యూచువల్ ఫండ్ పథకం చేతిలో ఉన్న ఆస్తుల మొత్తం విలువలోంచి అది చెల్లించాల్సిన బాకీలను తీసేసి, మిగిలినదాన్ని మదుపరుల దగ్గరున్న యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది నికర ఆస్తి విలువ. అందరూ ఎన్ఏవీ అనే పిలుస్తారు. ఓపెన్ ఎండెడ్ పథకంలో యూనిట్ కొన్నా, వెనక్కి ఇచ్చినా లావాదేవీ ఈ విలువ మీదే జరుగుతుంది. ఈక్విటీ పథకాలకు దీన్ని కనీసం రెండు దశాంశ స్థానాల వరకూ, డెట్, లిక్విడ్, ఇండెక్స్ పథకాలకు నాలుగు స్థానాల వరకూ ప్రకటిస్తారు.

ఎన్ఏవీ రూపాయల్లో ఉంటుంది, పక్కనే కొనుగోలు బటన్ ఉంటుంది. దాంతో చూసేవారికి అది షేరు ధరలా కనిపిస్తుంది. పది రూపాయల యూనిట్ చౌక అనీ, ఎనిమిది వందల రూపాయల యూనిట్ ఖరీదు అనీ అనిపిస్తుంది. డబ్బు మొదటిసారి ఫండ్లలో పెట్టేవారిలో ఇంతగా పాతుకుపోయిన పొరపాటు మరొకటి లేదు. ఈ పొరపాటును అదనుగా తీసుకుని పథకాలు అమ్మిన కాలమూ ఉంది. లెక్క ఎలా కడతారో ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ భ్రమకు తావుండదు.

ఒక సాయంత్రపు లెక్క

ఉదాహరణకు ఒక ఈక్విటీ పథకాన్ని తీసుకుందాం. అంకెలు సులువుగా సాగడం కోసం ఊహించినవే అయినా, పద్దులు మాత్రం నిజమైన పథకంలో ఉండేవే. మధ్యాహ్నం మూడున్నరకు స్టాక్ ఎక్స్ఛేంజీలో వ్యాపారం ముగిసింది. పథకం దగ్గరున్న ప్రతి కంపెనీ షేర్ల సంఖ్యను ఆ రోజు ముగింపు ధరతో గుణించి అన్నీ కూడితే 478 కోట్ల 60 లక్షలు వచ్చింది. బ్యాంకులోనూ, ఒక్క రాత్రికి అప్పుగా ఇచ్చిన రూపంలోనూ ఉన్న నగదు 21 కోట్ల 90 లక్షలు. అమ్మేసిన షేర్ల తాలూకు రేపు చేతికి రావాల్సిన డబ్బు 4 కోట్ల 15 లక్షలు. కొన్ని కంపెనీలు డివిడెండ్ ప్రకటించాయి, దానికి అర్హత తేదీ కూడా దాటింది, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. అది 35 లక్షలు. ఇవన్నీ కలిపితే ఆస్తులు 505 కోట్లు.

ఇక బాకీల వైపు. కొన్న షేర్లకు రేపు కట్టాల్సింది 3 కోట్ల 20 లక్షలు. యూనిట్లు వెనక్కి ఇచ్చిన మదుపరులకు చెల్లించాల్సింది 1 కోటి 45 లక్షలు. నిర్వహణ రుసుము, రిజిస్ట్రార్ రుసుము, పంపిణీదారు కమీషన్ వంటి ఖర్చుల కింద సుమారు రెండు వారాలుగా పోగైంది 35 లక్షలు. మొత్తం 5 కోట్లు. ఆస్తుల్లోంచి బాకీలు తీసేస్తే సరిగ్గా 500 కోట్లు మిగిలాయి. మదుపరుల ఖాతాల్లో ఉన్న యూనిట్లు పన్నెండున్నర కోట్లు. 500 కోట్లను వాటితో భాగిస్తే 40 రూపాయలు. ఆ రోజు ఎన్ఏవీ అదే.

ఇందులో రెండు పద్దుల దగ్గర కాస్త ఆగాలి. మొదటిది ఖర్చు. ఫండ్ సంస్థ తన రుసుముకు మదుపరికి విడిగా బిల్లు పంపదు. ఏడాదికి 1.8 శాతం అనుకుంటే 500 కోట్ల మీద 9 కోట్లు, అంటే రోజుకు సుమారు 2 లక్షల 47 వేలు. ఈ మొత్తాన్ని ప్రతి రోజూ, శని ఆదివారాలకు కూడా కలిపి, బాకీల్లో రాసుకుంటూ పోతారు. ఒక్కో యూనిట్ మీద ఇది రోజుకు పైసాలో ఐదో వంతు మాత్రమే, కనుక ఎవరి కంటా పడదు. తెరమీద కనిపించే ఎన్ఏవీ ఖర్చులు పోగా మిగిలినదే. ఈ సంగతి కింద మళ్లీ అవసరపడుతుంది.

రెండోది యూనిట్లు వెనక్కి ఇచ్చినవారి బాకీ. వారి యూనిట్లను అప్పటికే రద్దు చేశారు, పన్నెండున్నర కోట్లలో అవి లేవు. డబ్బు మాత్రం ఇంకా పథకం ఖాతాలోనే ఉంది. యూనిట్లు తీసేసి ఈ బాకీని రాయడం మరిచిపోతే 501 కోట్ల 45 లక్షలను పన్నెండున్నర కోట్లతో భాగించినట్టు అవుతుంది. ఎన్ఏవీ 40 రూపాయల 11 పైసలు దాటి చూపిస్తుంది. ఆ రోజు యూనిట్లు వెనక్కి ఇచ్చేవారు తమది కాని పదకొండు పైసలు తీసుకుపోతారు. ఆ నష్టం పథకంలో ఉండిపోయేవారిది. లావాదేవీలు నమోదు కాకపోవడం వల్ల ఎన్ఏవీలో ఒక శాతానికి మించి తేడా వస్తే ఆ మేరకు మదుపరులకో పథకానికో చెల్లించాలని సెబీ నియమం పెట్టింది ఇందుకే.

యూనిట్ల లెక్క చూసేది రిజిస్ట్రార్ సంస్థ. మన దేశంలో ఈ పని ఎక్కువగా రెండు సంస్థల చేతిలో ఉంది: చెన్నైలోని క్యామ్స్, హైదరాబాద్‌లోని కేఫిన్ టెక్నాలజీస్. ఆ రోజు ఎన్ని యూనిట్లు పుట్టాయో, ఎన్ని రద్దయ్యాయో అక్కడి నుంచి వస్తుంది. షేర్లు, బాండ్లు నిజంగా ఉన్నాయని చూసుకునేది కస్టోడియన్. ఈ రెండు వైపుల నుంచీ వచ్చిన అంకెలు కుదిరాక రాత్రి 11 గంటల లోపు ఎన్ఏవీని ఫండ్ల సంఘమైన యాంఫీ వెబ్‌సైటులో పెట్టాలి. దేశంలోని అన్ని పథకాల విలువలూ అక్కడ NAVAll.txt అనే ఒకే ఫైలులో దొరుకుతాయి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. విదేశీ షేర్లు ఎక్కువగా ఉన్న పథకాలకు, ఇతర ఫండ్లలో మదుపు చేసే పథకాలకు మర్నాడు ఉదయం దాకా గడువు ఉంటుంది.

కొనేవారు పెరిగితే ఎన్ఏవీ పెరగదు

షేరు ధరకూ ఎన్ఏవీకీ ఉన్న అసలు తేడా ఇక్కడ బయటపడుతుంది. ఒక కంపెనీ షేర్లు ఇన్నే అని లెక్క ఉంటుంది. కొనేవారు ఎక్కువైతే ఉన్న షేర్ల కోసమే పోటీ పడతారు, ధర పైకి పోతుంది. ఓపెన్ ఎండెడ్ పథకంలో అలా కాదు. కొత్త డబ్బు వస్తే కొత్త యూనిట్లు పుడతాయి.

పై పథకంలోకే ఆ రోజు 20 కోట్ల కొత్త డబ్బు వచ్చిందనుకుందాం. 40 రూపాయల లెక్కన 50 లక్షల యూనిట్లు ఇస్తారు. ఆస్తి 520 కోట్లు అయింది, యూనిట్లు 13 కోట్లు అయ్యాయి. భాగిస్తే మళ్లీ 40 రూపాయలే. వచ్చింది 200 కోట్లయినా ఇదే ఫలితం. పథకం ఎంత పేరు తెచ్చుకున్నా, ఎంతమంది ఎగబడి కొన్నా ఎన్ఏవీ దానివల్ల ఒక్క పైసా కదలదు. అది కదిలేది లోపలున్న షేర్ల, బాండ్ల విలువ మారినప్పుడు, ఆదాయం వచ్చినప్పుడు, ఖర్చు రాసినప్పుడు, డబ్బు పంచినప్పుడు మాత్రమే.

కాబట్టి షేరు విషయంలో అడిగే ప్రశ్న, అంటే దాని అసలు విలువకన్నా ధర తక్కువగా ఉందా ఎక్కువగా ఉందా అన్నది, ఎన్ఏవీకి వర్తించదు. ఎన్ఏవీ తనకు తానే లోపలి ఆస్తి విలువ. 40 రూపాయలు ఇచ్చినవారికి 40 రూపాయల ఆస్తి దక్కుతుంది. 400 ఇచ్చినవారికి 400 రూపాయల ఆస్తి దక్కుతుంది. బేరానికి చోటు లేదు. చౌక, ఖరీదు అనే తేడా ఉంటే అది లోపలున్న షేర్లలో ఉంటుంది. ఆ కంపెనీలు సంపాదించే ప్రతి రూపాయి లాభానికి మార్కెట్ ఎన్ని రూపాయలు ఇస్తోందో చూడాలి. అది తెలియాలంటే పథకం పీ/ఈ నిష్పత్తి చూడాలి, ఎన్ఏవీలో అది కనిపించదు.

దక్కబోయే ఎన్ఏవీ ఎంతన్నది కూడా ముందే తెలియకుండా ఏర్పాటు చేశారు. ఈక్విటీ పథకంలో మధ్యాహ్నం 3 గంటల లోపు దరఖాస్తూ డబ్బూ రెండూ చేరితే ఆ రాత్రి కట్టబోయే విలువ, ఆలస్యమైతే మర్నాటి విలువ వర్తిస్తుంది. డబ్బు పథకం ఖాతాలో పడిన తర్వాతే యూనిట్లు అన్న నియమం 2021 ఫిబ్రవరి నుంచి అన్ని మొత్తాలకూ అమల్లో ఉంది.

విలువ కట్టడం తప్పితే ఏమవుతుంది

రోజూ చేతులు మారే పెద్ద కంపెనీ షేరుకు ముగింపు ధర ఉంటుంది, దాని మీద వాదన ఉండదు. కష్టం బాండ్లతో వస్తుంది. ఒక కంపెనీ బాండు వారాల తరబడి ఎవరూ కొనకుండా, అమ్మకుండా ఉండిపోవచ్చు. దాని విలువ ఇవాళ ఎంత? ఇందుకోసం క్రిసిల్, ఇక్రా సంస్థలు విడివిడిగా ధర అంచనా వేసి ఇస్తాయి, ఫండ్లు వాటి సగటును వాడుకుంటాయి. అంచనా కాబట్టి అది అసలు విలువను ఆలస్యంగా చేరుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ప్రకటించిన అంకె అసలు విలువకు దూరమైతే ఏమవుతుందో మన దేశం దెబ్బ తినే నేర్చుకుంది. 1964లో యూనిట్ ట్రస్ట్ ప్రారంభించిన యూఎస్-64 పథకం లక్షల మధ్యతరగతి కుటుంబాల పొదుపు. కానీ దాని కొనుగోలు, అమ్మకం ధరలను లోపలి ఆస్తి విలువ బట్టి కాకుండా ట్రస్టే నిర్ణయించి ప్రకటించేది. 1990ల చివరికి లోపలి ఆస్తి ప్రకటించిన ధర కంటే కిందికి పడిపోయింది. దీపక్ పరేఖ్ కమిటీ ఈ పథకాన్ని ఎన్ఏవీ ఆధారానికి మార్చమని సిఫార్సు చేసింది, మార్పు మాత్రం వెంటనే జరగలేదు. 2001 వేసవిలో సంగతి పసిగట్టిన పెద్ద కంపెనీలు వేల కోట్ల విలువైన యూనిట్లను ట్రస్టు ప్రకటించిన ఎక్కువ ధరకు వెనక్కి ఇచ్చి బయటపడ్డాయి. ఆ జూలైలో కొనుగోళ్లు, అమ్మకాలు రెండూ ఆరు నెలలు నిలిపివేశారు. 2002 జనవరిలో ఎన్ఏవీ ఆధారానికి మారేసరికి పది రూపాయల ముఖవిలువ గల ఆ యూనిట్ వెనక ఉన్న ఆస్తి ఆరు రూపాయల లోపే. ముందు వెళ్లినవారికి అదనంగా ఇచ్చినదంతా మిగిలినవారి వాటాలోంచి పోయిందే. చిన్న మదుపరులను ఆదుకోవడానికి చివరికి ప్రభుత్వం డబ్బు పెట్టాల్సి వచ్చింది. ఎన్ఏవీని రోజూ నిజాయితీగా కట్టాలనే పట్టుదలకు ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

రెండో ఉదాహరణ ఇటీవలిది. 2020 జనవరిలో టెలికాం బకాయిల కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన డెట్ పథకాల్లో ఉన్న వొడాఫోన్ ఐడియా బాండ్ల విలువను సున్నాకు తగ్గించింది. ఆ పథకాల ఎన్ఏవీ ఒక్క రోజులో కొన్ని శాతాలు పడింది. అంతవరకూ రోజుకు పైసల్లో నిదానంగా పెరిగే అంకె అది. అలా పడిన డెట్ ఫండ్‌ను చూసి తగ్గింపు ధరకు వస్తోందని ఎవరైనా అనుకుంటే అది ప్రమాదకరమైన పొరపాటు. అప్పు తీసుకున్నవారు తిరిగి కట్టకపోవచ్చని ఆ అంకె చెబుతోంది. ఏప్రిల్ 23న ఆ సంస్థ ఆరు డెట్ పథకాలను మూసేసింది. మదుపరులకు డబ్బు తరువాతి సంవత్సరాల్లో విడతలుగా తిరిగి వచ్చింది, కానీ అవసరమైన రోజున చేతికి రాలేదు.

ఒకే బుట్ట, వేర్వేరు అంకెలు

తక్కువ ఎన్ఏవీ చౌక కాదని చూపించడానికి ఇండెక్స్ ఫండ్లను మించిన ఉదాహరణ లేదు. నిఫ్టీ 50ని అనుసరించే పథకాలు మన దేశంలో చాలా ఉన్నాయి. అన్నీ అవే యాభై కంపెనీల షేర్లను అదే నిష్పత్తిలో కొంటాయి. ఫండ్ మేనేజరు తెలివితేటలకు అందులో చోటు లేదు. అయినా 2000లో మొదలైన యూటీఐ నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ ఎన్ఏవీ వందల్లో ఉంటే, రెండు మూడేళ్ల క్రితం మొదలైన పథకాలది ఇంకా పది పదిహేను రూపాయల దగ్గరే తిరుగుతుంది. లోపల అవే షేర్లు, వాటికి అదే పీ/ఈ. తేడా వయసులో ఉంది. ప్రతి పథకమూ సాధారణంగా పది రూపాయలతో మొదలవుతుంది. ఎక్కువ కాలం పెరిగినది పెద్దదిగా కనిపిస్తుంది.

ఒకరు 50 వేల రూపాయలు 200 రూపాయల ఎన్ఏవీ ఉన్న పాత ఇండెక్స్ ఫండ్‌లో పెట్టారు. 250 యూనిట్లు వచ్చాయి. ఇంకొకరు అంతే డబ్బు పన్నెండున్నర రూపాయల కొత్త ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి 4,000 యూనిట్లు తెచ్చుకున్నారు. నామమాత్రపు స్టాంపు సుంకాన్ని, ఖర్చుల తేడాను ఇక్కడ పక్కన పెడదాం. నిఫ్టీ 12 శాతం పెరిగింది. మొదటి ఎన్ఏవీ 224 అయింది, రెండోది 14 అయింది. 250 యూనిట్లు 224తో గుణిస్తే 56 వేలు. 4,000 యూనిట్లు 14తో గుణిస్తే 56 వేలు. నిఫ్టీ పది శాతం పడి ఉంటే ఇద్దరికీ 45 వేలే మిగిలేవి. పన్నెండున్నర రూపాయల యూనిట్‌కు పడటానికి తక్కువ లోతు ఉందనీ, పెరగడానికి ఎక్కువ ఎత్తు ఉందనీ చాలామంది నమ్ముతారు. లోపలున్న షేర్లకు తాము ఏ ఎన్ఏవీ ఉన్న పథకంలో ఉన్నామో తెలియదు. అవి శాతాల్లోనే కదులుతాయి.

భూమి ధర చెప్పేటప్పుడు ఎకరం లెక్కన చెబితే పెద్ద అంకె వస్తుంది, సెంటు లెక్కన చెబితే అందులో నూరో వంతు వస్తుంది. సెంటు ధర తక్కువ కాబట్టి ఆ పొలం చౌకగా వస్తోందని మన ఊళ్లలో ఎవరూ అనరు. యూనిట్ కూడా కొలతే.

కొలతను మార్చేయడం నిజంగానే జరిగిన సందర్భం ఉంది. దేశంలో మొదటి ఈటీఎఫ్ అయిన నిఫ్టీ బీస్ 2001 చివర్లో మొదలై 2019 నాటికి యూనిట్ పన్నెండు వందల రూపాయలు దాటింది. ఆ డిసెంబర్‌లో ఒక్కో యూనిట్‌ను పది యూనిట్లు చేశారు. మర్నాడు ధర పదో వంతుకు వచ్చింది, ప్రతి ఖాతాలోని యూనిట్లు పది రెట్లు అయ్యాయి, ఎవరి సంపదా మారలేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలో యూనిట్‌ను ముక్కగా కొనలేం కనుక చిన్న మొత్తాలతో కొనేవారికి ఇది సౌకర్యం. మామూలు ఫండ్‌లో ఆ సౌకర్యం కూడా అక్కర్లేదు. యూనిట్లను మూడు దశాంశాల వరకూ ఇస్తారు కాబట్టి 500 రూపాయల సిప్‌తో 800 రూపాయల ఎన్ఏవీ ఉన్న పథకంలోనూ 0.625 యూనిట్ వస్తుంది.

పది రూపాయల భ్రమ 2000ల మధ్యలో పెద్ద వ్యాపారమైంది. కొత్త పథకాన్ని న్యూ ఫండ్ ఆఫర్‌గా మార్కెట్లోకి తెచ్చినప్పుడు ప్రచారానికి, అమ్మకానికి అయిన ఖర్చును ఆరు శాతం దాకా పథకం సొమ్ములోంచే తీసుకుని, కొన్నేళ్ల పాటు విడగొట్టి రాసుకునే వీలుండేది. ఉన్న మంచి పథకాన్ని అమ్మడం కంటే కొత్తది తేవడమే అమ్మేవారికి లాభం. పది రూపాయలకే యూనిట్ అన్న మాట కొత్త షేరు ఇష్యూలా వినిపించేది. 2006 ఏప్రిల్‌లో సెబీ ఓపెన్ ఎండెడ్ పథకాలకు ఆ వెసులుబాటు తీసేసింది. కొత్త పథకంలో పది రూపాయలు పెట్టినవారికి దక్కేది పది రూపాయల నగదే. ఆ నగదుతో ఫండ్ సంస్థ ఇంకా షేర్లు కొనాలి, అవి కూడా ఇవాళ్టి మార్కెట్ ధరకే. పాత పథకం కూడా అదే ధరలకు అవే షేర్లు కొంటుంది. పైగా పాతదానికి చూసుకోవడానికి ఒక చరిత్ర ఉంటుంది.

పంచిపెట్టినందువల్ల తగ్గిన అంకె

ఒకే పథకంలో గ్రోత్, ఐడీసీడబ్ల్యూ అని రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. రెండోదాన్ని 2021 ఏప్రిల్ దాకా డివిడెండ్ ఆప్షన్ అనేవారు. రెండిటి వెనకా ఉన్నది ఒకే షేర్ల బుట్ట. గ్రోత్‌లో లాభం లోపలే ఉండిపోతుంది. ఐడీసీడబ్ల్యూలో అప్పుడప్పుడు కొంత పంచుతారు. ఎన్ఏవీ 45 ఉన్నప్పుడు యూనిట్‌కు 5 రూపాయలు పంచితే ఆ రోజే అది 40కి దిగుతుంది. మదుపరి దగ్గర ఇప్పుడు 40 రూపాయల యూనిట్, 5 రూపాయల నగదు ఉన్నాయి. కొత్తగా ఏమీ రాలేదు, పైగా 2020 ఏప్రిల్ నుంచి ఆ 5 రూపాయల మీద అతని శ్లాబు ప్రకారం ఆదాయపు పన్ను పడుతుంది. పదిహేనేళ్లుగా ఇలా పంచుతూ వచ్చిన పథకంలో గ్రోత్ ఎన్ఏవీ 300 ఉండి ఐడీసీడబ్ల్యూ ఎన్ఏవీ 35 ఉండటం వింత కాదు. జాబితాలో 35ను చూసి అదే చౌకని తీసుకునేవారు నిజానికి తమకు అక్కర్లేని పన్నును ఎంచుకుంటున్నారు. పంపకం ప్రకటించాక, దాని కోసమే ముందు రోజు కొనేవారిదీ ఇదే పరిస్థితి. తమ డబ్బే తమకు తిరిగి వస్తుంది, మధ్యలో పన్ను పోతుంది.

తక్కువ అంకె ఖరీదైనప్పుడు

2013 జనవరి 1 నుంచి ప్రతి పథకంలోనూ పంపిణీదారు ప్రమేయం లేని డైరెక్ట్ ప్లాన్ ఉండాలని సెబీ ఆదేశించింది. డైరెక్ట్‌లో కమీషన్ ఉండదు కాబట్టి రోజూ బాకీల్లో రాసే ఖర్చు తక్కువ. పైన చెప్పిన ఆ పైసాలో ఐదో వంతు పని చేసేది ఇక్కడే.

రెండు ప్లాన్లూ ఒకే రోజు 30 రూపాయల దగ్గర మొదలయ్యాయనుకుందాం. షేర్ల బుట్ట ఏడాదికి 12 శాతం పెరిగింది. డైరెక్ట్ ఖర్చు 0.8 శాతం, రెగ్యులర్ ఖర్చు 1.8 శాతం. మిగిలింది సుమారుగా 11.2 శాతం, 10.2 శాతం. పదేళ్ల తర్వాత డైరెక్ట్ ఎన్ఏవీ 86 రూపాయల 73 పైసలు, రెగ్యులర్ ఎన్ఏవీ 79 రూపాయల 24 పైసలు. అవే షేర్లు, అదే మేనేజరు, ఏడున్నర రూపాయల తేడా.

ఇప్పుడు కొత్తగా లక్ష రూపాయలతో వచ్చినవారు రెండు అంకెలూ చూసి 79 రూపాయలదే చౌకగా ఉందని రెగ్యులర్ తీసుకున్నారు. 1,262 యూనిట్లు వచ్చాయి. డైరెక్ట్‌లో అయితే 1,153 యూనిట్లే వచ్చేవి. 109 యూనిట్లు ఎక్కువ వచ్చాయని సంతోషం. తరువాతి పదేళ్లూ ఇదే తీరులో గడిస్తే వారి లక్ష 2 లక్షల 64 వేలు అవుతుంది. డైరెక్ట్‌లో 2 లక్షల 89 వేలు అయ్యేది. ఎక్కువ యూనిట్లు, 25 వేలు తక్కువ డబ్బు. ఇక్కడ ఎన్ఏవీ తక్కువగా ఉండటానికి కారణమే ఆ ప్లాన్ ఖరీదైనది కావడం. పంపిణీదారు ఇచ్చే సలహాకు ఆ మొత్తం తగినదని భావించి రెగ్యులర్ తీసుకునేవారు ఉంటారు, అది తెలిసి చేసిన ఎంపిక. అంకె చిన్నదని తీసుకోవడం మాత్రం ఎంపిక కాదు.

పోల్చి చూడదలిస్తే ఒకే సూచీని అనుసరించే పథకాల మధ్య ఖర్చుల నిష్పత్తినీ, సూచీ పెరుగుదలకూ పథకం పెరుగుదలకూ మధ్య ఉన్న తేడానూ చూడాలి. వేర్వేరు పథకాల మధ్య ఒకే కాలానికి వచ్చిన శాతం చూడాలి. ఈ అంకెలు ప్రతి ఫండ్ సంస్థ నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో ఉంటాయి.

తక్కువ అన్న మాటకు అర్థం ఉన్న చోట్లు

ఒకే పథకం ఎన్ఏవీని దాని నిన్నటి విలువతోనో, ఆరు నెలల క్రితపు విలువతోనో పోల్చడం తప్పు కాదు. మార్కెట్ పడి నిఫ్టీ ఫండ్ ఎన్ఏవీ 200 నుంచి 160కి వస్తే, అవే యాభై కంపెనీలు అప్పటికంటే 20 శాతం తక్కువకు దొరుకుతున్నాయి. వాటి లాభాలు తగ్గకపోతే అది నిజమైన చౌకే. అయితే అక్కడ చౌకైనది షేర్లు. పది రూపాయల కొత్త నిఫ్టీ ఫండ్ అదే రోజు 8కి దిగుతుంది, చౌకదనం రెండిటిలోనూ సమానం.

ఇంకో చోటు స్టాక్ ఎక్స్ఛేంజీ. ఈటీఎఫ్‌లు, లిస్టయిన క్లోజ్డ్ ఎండెడ్ పథకాల యూనిట్లు అక్కడ మదుపరుల మధ్యే చేతులు మారతాయి. కాబట్టి వాటికి ఎన్ఏవీతో పాటు మార్కెట్ ధర అనే రెండో అంకె పుడుతుంది. ఈ రెండూ వేరుపడవచ్చు. 100 రూపాయల ఎన్ఏవీ ఉన్న క్లోజ్డ్ ఎండెడ్ యూనిట్ 90కి అమ్ముడుపోతుంటే, కొనేవారికి 100 రూపాయల ఆస్తి 90కి వస్తోంది. ఇక్కడ చౌక అన్న మాట సరైనదే, అయితే పథకం గడువు తీరేదాకా ఆగగలిగిన వారికి.

దీనికి తిరగబడ్డ పరిస్థితి విదేశీ ఈటీఎఫ్‌లలో వచ్చింది. విదేశీ షేర్లలో మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ అంతా కలిపి 700 కోట్ల డాలర్ల వరకే పెట్టాలన్న పరిమితి 2022 ఆరంభంలో దగ్గరపడింది. అమెరికా సూచీల ఈటీఎఫ్‌లలో కొత్త యూనిట్లు పుట్టే దారి మూసుకుపోయింది. యూనిట్లు పెరగలేదు, కొనేవారు పెరిగారు. మార్కెట్ ధర ఎన్ఏవీ కంటే పైకి పోయింది, కొన్ని సమయాల్లో పదిశాతానికి మించి. అలా కొన్నవారు లోపలున్న ఆస్తి కంటే ఎక్కువే చెల్లించారు. ఈటీఎఫ్‌లకు వ్యాపార సమయంలో ఐఎన్ఏవీ అనే విలువను పదేపదే ప్రకటిస్తారు. ఆర్డరు పెట్టే ముందు మార్కెట్ ధరను దాని పక్కన పెట్టి చూస్తే ఎంత అదనంగా ఇస్తున్నదీ తెలిసిపోతుంది.